క్యాప్షన్ రాద్దాం, నాలుగో పాఠం: గద్వాల చీరకి ఉప్పు నీళ్లెందుకు?

పోయిన పాఠం చివర గద్వాల చీరకి క్యాప్షన్ రాయమన్నాను. వచ్చినవన్నీ చదివాను. సగానికి పైగా అగ్గిపెట్టెతోనే మొదలయ్యాయి. చీర అగ్గిపెట్టెలో పడుతుందనేది పాత ముచ్చటే గానీ, చేతిలో ఉన్న చీరని ఎలా నేశారో అది చెప్పదు. కొందరు పాత అట్టల మీది నుంచి 'మహబూబ్‌నగర్ జిల్లా' అని దించేశారు. 2016 అక్టోబరు నుంచి అది జోగులాంబ గద్వాల జిల్లా. నేనైతే 'కృష్ణా, తుంగభద్రల మధ్య నడిగడ్డ' అని రాస్తాను. జిల్లా పేరు మళ్లీ మారినా క్యాప్షన్ మార్చక్కర్లేదు.

ఇవన్నీ మీరే దిద్దుకోగలరు. నాకు కోపం తెప్పించింది చివరి వాక్యం: "మొదటిసారి ఉప్పు నీళ్లలో నానబెట్టాలి." దాదాపు అందరూ రాశారు. అందుకే అనుకున్న పాఠం పక్కన పెట్టి దీని సంగతి చూద్దాం.

ముందు నేత. పూర్తి పట్టువి కూడా వస్తున్నాయి గానీ, మనం తీసుకున్నది పాత రకం: ఒళ్లు నూలు, అంచులూ కొంగూ పట్టు. అంచులు నేయడానికి అడ్డపోగుని, అంటే పేకని, అటూ ఇటూ లాక్కెళ్లే నాడెలు మూడు ఆడతాయి, ఎడమ అంచుకొకటి, ఒంటికొకటి, కుడి అంచుకొకటి. అంచు పేక, ఒంటి పేక కలిసిన చోట ఒకదాన్నొకటి మెలేసుకుని ఎటుది అటు వెనక్కి తిరుగుతాయి. దీన్నే కుప్పడం అంటారు. అందుకే ముదురు అంచు రంగు లేత ఒంట్లోకి ఒక్క పోగు కూడా రాదు. కొనేవాళ్లు అంచుని సూదితో అతికించారనుకుంటారు, కాబట్టి ఈ మాట క్యాప్షన్‌లో ఉండి తీరాలి.

ఇప్పుడు ఉప్పు. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందనే నమ్మకం అద్దకం గది నుంచే వచ్చి ఉంటుంది. నూలుకి రంగు వేసేటప్పుడు తొట్టిలో ఉప్పు వేస్తారు. అది నీళ్లలో ఉన్న రంగుని నూలు వైపు నెడుతుంది, అంతే. రియాక్టివ్ రంగులైతే పోగుని పట్టుకునేలా చేసేది ఆ తర్వాత కలిపే సోడా. అంటే ఈ రంగుల్ని ఉప్పు ఒక్కటే వేసి నిలబెట్టడం అద్దకంలోనే కుదరదు, ఇంక బకెట్లో ఎక్కడిది? పైగా అంచు పట్టు. దానికి వేసే రంగుల తీరు వేరు. పోగుకి అంటకుండా మిగిలిపోయిన రంగు ఎప్పటికైనా బయటికి రావాల్సిందే. నానబెడితే అది అంచులోంచి దిగి, నిదానంగా ఒంటికి పడుతుంది. మెలేసిన చోటే మొదట మరక కనిపిస్తుంది, ఎందుకంటే రెండు రంగులూ అక్కడే ఒకదాన్నొకటి తాకుతున్నాయి. జరీ సంగతి సరేసరి: అందులో వెండి, రాగి ఉంటే సరిగ్గా కడగని ఉప్పు వాటిని నల్లబరుస్తుంది. ఇంత చెప్పాక కూడా ఎవరో ఒకరు "మా అమ్మమ్మ అలాగే చేసేది" అంటారు. ఆవిడ చీర ఒళ్లూ అంచూ ఒకే రంగేమో అడగండి.

రంగు దిగుతుందో లేదో తెలుసుకోవడానికి నా పద్ధతి: తెల్ల నూలు గుడ్డ తడిపి, అంచు లోపలి వైపు రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. గుడ్డకి రంగు అంటిందంటే క్యాప్షన్‌లో రాయాలి, దాచకూడదు.

మన దగ్గరున్న గంధం రంగు ఒళ్లు, మెరూన్ అంచు చీరకి గుడ్డ గులాబీ రంగుకి తిరిగింది. దానికి నేను రాసింది ఇది:

"కృష్ణా, తుంగభద్రల మధ్య నడిగడ్డలో, గద్వాల మగ్గం మీద నేసిన చీర. ఒళ్లు నూలు, అంచులూ కొంగూ పట్టు. మూడు నాడెలతో నేస్తూ అంచునీ ఒంటినీ పేకతోనే కలిపారు, ఈ అంచుకి సూది తగల్లేదు. మెరూన్ రంగు మొదట్లో కొంచెం దిగుతుంది, కాబట్టి మొదటి రెండుసార్లు డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి. తర్వాత ఇంట్లో ఉతికితే చల్లని నీళ్లలో, కొద్దిగా షాంపూతో, నానబెట్టకుండా వెంటనే జాడించండి. తడి చీర మడిచి ఉంచొద్దు, నీడలో పరిచి ఆరేయండి. ఇస్త్రీ తిరగేసి చేయండి: ఒంటికి నూలు వేడి, అంచుకీ కొంగుకీ పట్టు వేడి."

షాంపూ ఎందుకంటే, మామూలు సబ్బు పొడిలో ఉండే క్షారం నూలుని ఏమీ చేయదు గానీ పట్టు మెరుపు తీసేస్తుంది. గంజి మాట కావాలనే వదిలేశాను. ఒంటికి పెట్టి అంచుకి తగలకుండా చూడటం నాకే ఎప్పుడూ కుదరలేదు.

అభ్యాసం. పోచంపల్లి చీర ఒకటి తీసుకోండి. డిజైను గీతల అంచులు అలికినట్టు ఎందుకుంటాయో, అది లోపం ఎందుకు కాదో రెండు వాక్యాల్లో చెప్పాలి. 'ఇకత్' అనే మాట వాడకూడదు. తడి గుడ్డ పరీక్ష చేసి, వచ్చిన ఫలితాన్ని బట్టే ఉతుకు వాక్యం రాయాలి. గుడ్డ ఫోటో కూడా పంపండి. ఫోటో లేని క్యాప్షన్ చదవను.