పరివర్తన లోహాలు, 3వ పాఠం: ఆ ఊదా రంగు ఎటు పోయింది?

పోయిన పాఠంలో ఐరన్‌కి 3d⁶ 4s² అని రాసుకున్నాం కదా. 4sలోని రెండు ఎలక్ట్రాన్లు పోతే Fe²⁺. 3d శక్తి కూడా దానికి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి ఇంకొకటి పోయి Fe³⁺ అవడం పెద్ద కష్టం కాదు. మాంగనీస్ 3d⁵ 4s², అంటే మొత్తం ఏడు. ఆక్సిజన్‌తో బంధాల్లో ఆ ఏడూ వాడేస్తుంది, అందుకే KMnO₄లో దాని ఆక్సీకరణ స్థితి +7.

ఇప్పుడు ల్యాబ్‌కి వద్దాం. Fe²⁺ ఉండే మోర్ లవణాన్ని 4.9 గ్రాములు తీసుకుని, కొంచెం సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో కరిగించి 250 మి.లీ. చేస్తే M/20 ద్రావణం వస్తుంది. వేడి చేయొద్దు, గాలి తగిలి Fe²⁺ కొంత ముందే Fe³⁺ అయిపోతుంది. ఇందులోంచి 10 మి.లీ. పిపెట్‌తో ఫ్లాస్క్‌లోకి తీసుకుని, ఇంకాస్త ఆమ్లం పోసి, బ్యూరెట్‌లోంచి M/100 పర్మాంగనేట్, అంటే ఆ KMnO₄ ద్రావణం, వదలండి. ముదురు ఊదా చుక్క పడుతుంది, ఫ్లాస్క్ తిప్పగానే మాయమవుతుంది. ఎందుకంటే Mn +7 నుంచి +2కి దిగింది, Mn²⁺కి దాదాపు రంగే లేదు. దిగడానికి కావలసిన ఐదు ఎలక్ట్రాన్లు ఐదు Fe²⁺లు తలా ఒకటి ఇచ్చాయి.

MnO₄⁻ + 5Fe²⁺ + 8H⁺ → Mn²⁺ + 5Fe³⁺ + 4H₂O

లెక్క చూడండి: 10 మి.లీ.లో Fe²⁺ 0.5 మిల్లీమోల్. ఐదుతో భాగిస్తే 0.1 మిల్లీమోల్ పర్మాంగనేట్, అంటే సరిగ్గా 10 మి.లీ. ఆ తర్వాత పడ్డ చుక్కకి ఎలక్ట్రాన్ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు, కాబట్టి లేత గులాబీ రంగు అలాగే నిలిచిపోతుంది. వేరే సూచిక అక్కర్లేదు.

నేను మొదటిసారి ఆమ్లం సరిగ్గా పోయలేదు. ఫ్లాస్క్‌లో గోధుమ రంగు మడ్డి తేలింది, ఎంత తిప్పినా పోలేదు. అది MnO₂. సమీకరణంలో ఎనిమిది H⁺లు ఉన్నాయి చూశారా, అవి చాలకపోతే Mn +4 దగ్గరే ఆగిపోతుంది. మీకూ అలా వస్తే ఆ రీడింగ్ వదిలేయండి. ఆమ్లం కదా అని HCl మాత్రం పోయకండి, పర్మాంగనేట్ క్లోరైడ్‌ని కూడా క్లోరిన్‌గా మార్చేసి ఎక్కువ ఖర్చవుతుంది.

రంగు మారిందంటే స్థితి మారినట్టే అనుకోవద్దు, క్రోమియం దగ్గర చాలామంది ఇక్కడే తప్పుతారు. నారింజ రంగు డైక్రోమేట్‌లో NaOH చుక్కలు వేస్తే పసుపు క్రోమేట్ అవుతుంది, కానీ రెండింట్లోనూ క్రోమియం +6. ఎలక్ట్రాన్ ఒక్కటీ కదల్లేదు. అదే డైక్రోమేట్ ఆమ్లంలో Fe²⁺తో కలిస్తే ఆకుపచ్చ Cr³⁺ వస్తుంది, ఇది అసలైన మార్పు.

వచ్చే పాఠానికి ముందు ఒక లెక్క చేయండి: అదే 10 మి.లీ. మోర్ లవణానికి M/60 డైక్రోమేట్ ఎంత పడుతుంది? Cr₂O₇²⁻లో క్రోమియంలు రెండు. 5 మి.లీ. వస్తే సరిగ్గా చేసినట్టే.