సాఫ్ట్ లాంచ్: డే-1 రిటెన్షన్ బాగుంది, డే-7 కుప్పకూలింది. ఎందుకు?

సమస్య: వైజాగ్‌లో తయారైన గేమ్‌ను ముందు ఐర్లాండ్‌లో మాత్రమే వదిలారు. డే-1 రిటెన్షన్, అంటే గేమ్ దించుకున్న మర్నాడు మళ్లీ తెరిచినవాళ్లు, 37 శాతం కనిపిస్తోంది. డే-7, అంటే ఏడో రోజున తెరిచినవాళ్లు, మాత్రం 5 దాటడం లేదు. టీమ్ అంతా "మొదటి రోజు బాగుంది, మధ్య లెవెల్స్ కష్టమైపోయాయి" అని తేల్చేసి లెవెల్ 20 నుంచి 40 దాకా తిరగరాయడం మొదలుపెడుతుంది. ఆగండి.

ముందు చూడాల్సింది: రిపోర్ట్‌లో దేశం ఫిల్టర్ పెట్టారా? ఎన్నిసార్లు చెప్పినా వదిలేసేది ఇదే. ప్లే కన్సోల్‌లో ఐర్లాండ్ ఒక్కటే ఎంచుకున్నా, ఇంటర్నల్ టెస్టింగ్‌లో ఉన్నవాళ్లు ఏ దేశం నుంచైనా ఇన్‌స్టాల్ చేసుకోగలరు. రుషికొండ ఆఫీసులో పదిమంది టెస్టింగ్ కోసం గేమ్ తీసేసి మళ్లీ దించుకుని మర్నాడు కూడా తెరుస్తుంటే, ప్రతిసారీ కొత్త ప్లేయర్‌గానే లెక్కకొస్తారు; రోజుకు నలభై ఇన్‌స్టాల్స్ వచ్చే దశలో డే-1 వాళ్లవల్లే పెరిగిపోతుంది. ఐర్లాండ్ ఫిల్టర్ పెట్టి మళ్లీ చూడండి. అంకె పడిపోతే అదే కారణం.

పడిపోలేదా? అయితే అసలు దొంగ ఇది.

కారణం: రోజు ఎక్కడ మారుతోంది? గూగుల్ అనలిటిక్స్‌లో ప్రాపర్టీ, అంటే గేమ్ డేటా చేరే ఖాతా, తెరిచినప్పుడు టైమ్‌జోన్ ఇండియా అని పెట్టి ఉంటారు. వేసవిలో మనకు అర్ధరాత్రి 12 అయ్యేసరికి డబ్లిన్‌లో సాయంత్రం 7:30, చలికాలంలో 6:30. జనం అన్నం తిని ఫోన్ పట్టుకునే వేళ సరిగ్గా అదే. ఒకావిడ ఏడింటికి గేమ్ దించుకుని పావు తక్కువ ఎనిమిది దాకా ఆడి, నచ్చక తీసేసింది. మన లెక్కలో ఆవిడ 11:30కి వచ్చి, తేదీ మారాక కూడా ఆడింది. అంటే "మర్నాడు తిరిగొచ్చిన" ప్లేయర్! మధ్యాహ్నం దించుకుని రాత్రి ఇంకోసారి తెరిచినవాళ్లదీ ఇదే కథ.

తప్పు రెండో వైపు కూడా ఉంటుంది. రాత్రి 9కి దించుకుని మర్నాడు మధ్యాహ్నం మాత్రమే ఆడినవాడు నిజంగా తిరిగొచ్చాడు. మన తేదీ ప్రకారం అదింకా మొదటి రోజే కాబట్టి లెక్కలోకి రాడు.

జూన్‌లో వెయ్యి ఇన్‌స్టాల్స్ అనుకుందాం. ఐర్లాండ్ తేదీ ప్రకారం మర్నాడు వచ్చినవాళ్లు 280 మంది. అదే సాయంత్రం మన అర్ధరాత్రి గీత దాటి, మర్నాడు రాకుండానే లెక్కలో చేరినవాళ్లు 130. నిజంగా వచ్చినా జారిపోయినవాళ్లు 40. రిపోర్ట్ చూపేది 370, అంటే 37 శాతం; నిజం 28. ఏడో రోజుకొచ్చేసరికి మిగిలినవాళ్లు రోజుకు కొద్దికొద్దిగానే తగ్గుతారు కాబట్టి తేదీ కాస్త జరిగినా అంకె పెద్దగా మారదు. అందుకే డే-7 నిజం చెబుతుంది, డే-1 బొంకుతుంది. బాగుచేయాల్సింది ట్యుటోరియల్‌నీ మొదటి పది నిమిషాలనీ. లెవెల్ 30ని కాదు.

ఇంకో చిక్కు: గేమ్ దించుకోమని వేసే యాడ్స్ వేళ మారితే బిల్డ్ మారకుండానే డే-1 మారుతుంది. ఆ ప్రకటనలు డబ్లిన్ టైమ్‌లో రాత్రి ఎనిమిది తర్వాతకి జరిపితే అంకె పడిపోతుంది. పాపం, నింద ఆ వారం ట్యుటోరియల్ మార్చినవాడి మీద పడుతుంది.

ఎలా పట్టుకోవాలి: ఇన్‌స్టాల్ అయిన గంట ప్రకారం డే-1 విడదీయండి. మన టైమ్‌లో రాత్రి 11–12 మధ్య వచ్చినవాళ్లది చాలా ఎక్కువగా, 12–1 మధ్య వచ్చినవాళ్లది చాలా తక్కువగా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. గంట తేడాలో ప్లేయర్ల స్వభావం అంత మారదు.

పరిష్కారం: ప్రాపర్టీ సెట్టింగ్స్‌లో రిపోర్టింగ్ టైమ్‌జోన్‌ను ఐర్లాండ్‌కి మార్చండి. ఇది ఇకపై వచ్చే డేటాకే వర్తిస్తుంది. పాత అంకెలు అలాగే ఉంటాయి, రెండింటినీ ఒకే గ్రాఫ్‌లో పోల్చొద్దు. పాతవి కూడా కావాలంటే, ప్రతి ఈవెంట్‌నూ విడిగా గూగుల్ డేటాబేస్‌లో దాచే బిగ్‌క్వెరీ ఎక్స్‌పోర్ట్ ముందే ఆన్ చేసి ఉంటే అక్కడ లెక్కించండి. `event_date` వాడొద్దు, అది ప్రాపర్టీ టైమ్‌జోన్‌దే. `event_timestamp` మాత్రం యూటీసీలో, మైక్రోసెకన్లలో ఉంటుంది:

```sql
DATE_DIFF(
  DATE(TIMESTAMP_MICROS(event_timestamp), 'Europe/Dublin'),
  DATE(TIMESTAMP_MICROS(user_first_touch_timestamp), 'Europe/Dublin'),
  DAY) = 1
```

'Europe/Dublin' అని రాస్తే వేసవి, చలికాలం గంట తేడా అదే చూసుకుంటుంది. +1 అని చేత్తో కలపొద్దు.

మిగతావి: 200 ఇన్‌స్టాల్స్‌తో 30 శాతం వస్తే అది 24 నుంచి 36 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, వెయ్యి దాకా ఆగండి. వీపీఎన్, ఎమ్యులేటర్ వాడేవాళ్లు ఉంటారు గానీ ఇంత తేడా తేలేరు. సర్వర్ ముంబయిలో ఉందని కంగారుపడితే, లోడింగ్ స్క్రీన్ మీద వదిలేసినవాళ్ల సంఖ్య చూడండి. అది మామూలుగా ఉంటే సర్వర్ జోలికి పోవద్దు.