అమ్మ ఖర్చు, నా సిప్ రెండూ ఎట్ల నడుస్తున్నయంటే

పక్షవాతం వచ్చినంక అమ్మను హన్మకొండల మా ఇంట్లనే చూసుకుంటున్నం. అమ్మను చూసుకునే ఆయమ్మకు నెలకు 14,000, డైపర్లు మందులు ఫిజియో కలిపి ఇంకో 8,000, మొత్తం నా జీతంలకెంచే పోతుండె, మ్యూచువల్ ఫండ్ల నెలనెలా ఏసే సిప్ ఏడాది బంద్ పెట్టిన, తప్పు చేసిన.

తర్వాత అన్న, నేను కూసొని మాట్లాడుకున్నం. అమ్మ ప్లాట్ అమ్మితే వచ్చిన 14 లక్షలు పంచుకోకుండ, 12 లక్షలు పోస్టాఫీసుల సీనియర్ సిటిజన్ స్కీముల అమ్మ పేరు మీదనే ఏసినం. మాకు దొరికిన వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి 24,600 పడ్తది. మొదటిసారి పడంగనే ఒక్క నెలల్నే ఖతం చేసినం (వదిన ఇప్పటికీ అంటది), ఇప్పుడు వేరే అకౌంట్ల పెట్టి నెలకు 8,200 మాత్రమే తీస్తున్న. మిగిలిన 13,800ల అన్న 6,000, నేను 7,800.

రెండు లక్షలు బయట ఎఫ్డీల ఉంచినం, ఎందుకంటే ఆ స్కీము ఏడాదిలోపు బంద్ చేస్తే ఇచ్చిన వడ్డీ కూడ అసల్లకెంచి కోస్తరు, ఆ తర్వాత గూడ ఐదేండ్లు నిండకముందు తీస్తే కొంత కట్ అయితది. దవాఖాన ఖర్చు అడిగి రాదు కద.

నా సిప్ 5,000 జీతం పడ్డ మర్నాడే కట్ అయ్యేటట్టు పెట్టుకున్న. బతుకమ్మకు ఆయమ్మ ఊరికి పోతే బదులు మనిషికి రోజుకు 700, అదొక్కటి లెక్కల ఏసుకోలే.