మేనేజర్‌కి వీడ్కోలు కానుక: మాకు కుదిరిన పద్ధతి

మా టీమ్‌లో ఐదుగురమే. మేడమ్‌కి వేరే చోట పెద్ద పోస్ట్ వచ్చింది, ఏమివ్వాలో వారమైనా తేలలేదు. గడియారం, గిఫ్ట్ కార్డు, ఫొటో ఫ్రేమ్ అన్నీ అనుకుని వదిలేశాం.

ముందు డబ్బు సంగతి తేల్చాం. ఎవరికి వీలైనంత వాళ్లు నాకు విడిగా పంపారు, ఎవరెంత ఇచ్చారో ఎవరికీ చెప్పలేదు, కొత్తగా చేరినవాళ్లకి అదే పెద్ద ఊరట. వచ్చిన మొత్తం చూశాకే వస్తువు వెతికాం. మేడమ్ మీటింగుల్లో ఇంకా ఇంకు పెన్నుతోనే రాస్తారని ఒకరికి గుర్తొచ్చింది, అంతే, రాజమండ్రిలో ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో, చేత్తో చేసే పెన్ను తెప్పించాం. చెక్కించేటప్పుడు ఆవిడ పేరు మాత్రమే పెట్టించాం. మా కంపెనీ పేరు ఉంటే కొత్త ఆఫీసులో బయటికి తీయడానికి ఇబ్బంది కదా. డ్రాపర్‌తో ఇంకు పోసే రకం కాబట్టి, ఇంకు అడుగంటితే చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి చుక్కలు కారతాయి, సగానికి రాగానే నింపుకోమని చీటీ రాసి పెట్టాం. తర్వాతి వారం ఆ పెన్నుతోనే రాసిన కాగితం ఫొటో పంపారు!

అందరికీ పెన్నే పనికొస్తుందని కాదు. ఇంకు పెన్ను అలవాటు లేనివాళ్లకైతే నేను కొనను.