కాలువలకు నీళ్లు వదిలేలోపే హారన్ సంగతి చూసుకోండి

మా ఊళ్లో లాకులు దాటగానే రోడ్డు కాలువ గట్టు ఎక్కుతుంది. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క అరటితోట. కొబ్బరికాయల లోడుతో ఎదురొచ్చే ట్రాక్టరు మలుపు తిరిగేదాకా కనిపించదు. పోయిన వానాకాలం అదే మలుపులో కారు హారన్ నొక్కితే జలుబు చేసిన మేక మూలిగినట్టు చిన్న చప్పుడు వచ్చింది. ముందు సైకిలు మీద వెళ్తున్న ఆయన తలమీదుగా ప్లాస్టిక్ గోనె కప్పుకుని ఉన్నాడు. ఆ మూలుగు ఆయన చెవిన పడలేదు, తాపీగా రోడ్డు మధ్యకు జరిగాడు. బ్రేకులు బాగున్నాయి కాబట్టి ఇద్దరం ఇంటికి చేరాం.

మర్నాడు మెకానిక్ రెండు హారన్లూ మార్చాడు. పది రోజులు గట్టిగా మోగాయి. తర్వాత మళ్లీ మేక. అసలు లోపం హారన్లలో లేదని అప్పుడు తెలిసింది. ఎక్కడుందో కనుక్కోవడానికి వరసగా నాలుగు చోట్లు చూడాలి: ఫ్యూజు, స్విచ్ నొక్కగానే హారన్‌కు కరెంటు వదిలే రిలే, ఆ స్విచ్, కరెంటు కారు ఇనుము గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే ఎర్త్. వేసవిలో కాలువలు కట్టేసి ఉన్నప్పుడు, జూన్‌లో ధవళేశ్వరం నుంచి మళ్లీ నీళ్లు వదిలేలోపు, ఒక పూట కేటాయిస్తే చాలు. వానలు పట్టాక బానెట్ ఎత్తి తడుస్తూ వెతకడం ఎవరికీ సరదా కాదు.

కావలసినవి తక్కువే. మల్టీమీటర్ ఒకటి, హోల్డర్‌లో పెట్టి రెండు వైర్లు తీసిన ఇండికేటర్ బల్బు ఒకటి, లోపల కూర్చుని హారన్ నొక్కడానికి ఒక మనిషి. మధ్యాహ్నం కునుకు వేళ మాత్రం వద్దు, వీధి వీధంతా మీ మీదికి వస్తుంది. ఇంజిన్ ఆపి ఉంచండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపినా వేడికి రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరుగుతుంది కాబట్టి, బండి చల్లబడ్డాకే గ్రిల్ వెనక చెయ్యి పెట్టండి.

ముందు చెవి పెట్టి వినాలి. చాలా కార్లకు రెండు హారన్లుంటాయి, ఒకటి సన్న గొంతు, ఇంకొకటి బొంగురు గొంతు. చప్పుడు తగ్గిందని మనం అనుకునే సందర్భాల్లో కొన్నిసార్లు రెండింటిలో ఒకటి పూర్తిగా మూగబోయి ఉంటుంది. మనిషిని నొక్కమని చెప్పి, ఒక్కొక్క హారన్ మీద వేలు ఆనించి చూడండి. పనిచేసేది వేలికి గట్టిగా అదురుతుంది. రెండూ నీరసంగా అదురుతుంటే లోపం రెండింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో ఉంది. అసలేమీ అదరకపోతే ఫ్యూజు నుంచి మొదలుపెట్టాలి.

ఫ్యూజు పెట్టె మూత లోపలివైపు ఏది దేనిదో బొమ్మ వేసి ఉంటుంది. హారన్‌ది సాధారణంగా 10 లేదా 15 ఆంపియర్లది, అంటే ఎరుపు లేదా నీలం. బయటకు లాగి వెలుగుకు పట్టి చూస్తే లోపలి తీగ తెగిందో లేదో తెలుస్తుంది. మన దగ్గర అంతటితో ఆగకూడదు, దాని కాళ్లు కూడా చూడాలి. ఈ చెమ్మకు, ఉప్పునీటి చెరువుల మీదుగా వచ్చే గాలికి, ఇత్తడి చెంబుకు పట్టినట్టు పచ్చటి చిలుము పడుతుంది. తీగ బాగున్నా చిలుము పట్టిన కాలు కరెంటును సరిగా పోనివ్వదు. తెగిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్లది పెట్టండి. పెద్దది పెట్టినా, రాగి తీగ చుట్టినా, తర్వాత కాలేది ఫ్యూజు కాదు, వైరు. కొత్త ఫ్యూజు హారన్ నొక్కగానే ఎగిరిపోతే, హారన్ల ప్లగ్గులు రెండూ ఊడదీసి మళ్లీ నొక్కండి. ఈసారి నిలబడితే హారన్ లోపలే షార్ట్ ఉంది. అప్పుడూ పోతే రిలే నుంచి హారన్ దాకా వెళ్లే వైరు ఎక్కడో ఒరుసుకుపోయి ఇనుముకు తగులుతోంది.

ఫ్యూజు మంచిదైతే రిలే. హారన్ నొక్కినప్పుడు దానిమీద వేలు పెడితే టిక్కుమని తగలాలి. ఈ ఒక్క టిక్కుతో సగం దారి తేలిపోతుంది. టిక్కు వచ్చిందంటే స్టీరింగ్ మీది స్విచ్, రిలే లోపలి తీగచుట్ట రెండూ పనిచేస్తున్నట్టే, ఇక వాటి జోలికి పోనక్కరలేదు. టిక్కు వచ్చినా హారన్ మోగకపోతే రిలే లోపలి కాంటాక్టులు మాడి ఉండొచ్చు, లేదా లోపం అక్కడి నుంచి హారన్ వైపు ఉండొచ్చు. పక్కనే అదే నంబరు ముద్రించిన రిలే మరొకటి ఉంటే మార్చి చూడడం తేలిక పద్ధతి. నంబరు కలవకపోతే ఆకారం ఒకటే అయినా మార్చకండి.

టిక్కు రాకపోతే, రిలే మార్చి చూసినా రాకపోతే, స్విచ్ వైపు చూడాలి. చాలా కార్లలో హారన్ స్విచ్ చేసే పని రిలే చుట్ట రెండో కొసను ఎర్త్‌కు కలపడమే. హారన్‌కు వెళ్లే అసలు కరెంటు స్విచ్ గుండా పోదు. అందుకే రిలే ఊడదీసి, ఖాళీ సాకెట్లో 85, 86 అని అంకెలుండే చోట్లు చూడాలి. అక్కడ అంకెలు లేకపోతే రిలే అడుగున కాళ్ల పక్కన ఉంటాయి. ఒకదాంట్లో బ్యాటరీ వోల్టేజీ కనిపిస్తుంది. రెండోదాన్నీ, బాడీ ఇనుమునూ మీటర్‌తో కలిపి, దారి కలిస్తే కూత పెట్టే కంటిన్యూయిటీలో ఉంచి, మనిషిని నొక్కమనండి. నొక్కినప్పుడు కూత పెట్టి, వదలగానే ఆగితే స్విచ్ మంచిది. స్టీరింగ్ ఒక పక్కకు తిప్పినప్పుడే కూత వస్తుంటే, చక్రం కింద చుట్టలా ఉండే రిబ్బన్ కేబుల్ తెగే దశలో ఉంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే ఇక్కడితో ఆగిపోండి. స్టీరింగ్ మధ్య మూత తీయకండి, పసుపు తొడుగున్న వైర్లకు మీటర్ గాని బల్బు గాని తగిలించకండి. అది తెలిసినవాళ్లు, బ్యాటరీ వైరు తీసి, వేచి ఉండి చేసే పని.

ఇక ఎర్త్. నా కారు జబ్బు ఇక్కడే దొరికింది.

మెకానిక్ మొదట ఏం చేశాడంటే, హారన్ ప్లగ్గు ఊడదీసి, దాంట్లో మీటర్ పెట్టి, హారన్ నొక్కించాడు. పన్నెండు వోల్టులకు పైనే చూపించింది. "కరెంటు బాగానే వస్తోందండీ, హారన్లే పోయాయి" అన్నాడు. మీటర్ చూపించింది నిజమే, అతను తీసిన అర్థం తప్పు. డెల్టాలో పుట్టినవాడికి ఇది తూము దగ్గర నిలబెట్టి చెప్పవచ్చు. శివారు తూము మూసి ఉన్నంతసేపు, మధ్యలో గుర్రపుడెక్క ఎంత పేరుకున్నా కాలువలో నీటిమట్టం అటూ ఇటూ ఒక్కలాగే కనిపిస్తుంది. తూము ఎత్తి నీళ్లు పారడం మొదలయ్యాకే అడ్డుకు అవతల మట్టం పడిపోతుంది. మీటర్ లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ, అంటే అది తూము మూసి చూడడమే. హారన్ ఒక్కోటి మూడు నుంచి అయిదు ఆంపియర్లు లాగుతుంది. కాబట్టి ప్లగ్గు తగిలించే ఉంచి, హారన్ మోగుతుండగా, ప్లగ్గు వెనక నుంచి సన్నగా పిన్ను దూర్చి కొలవాలి. మీటర్ లేనివాళ్లు ఊడదీసిన ప్లగ్గుకు ఇండికేటర్ బల్బు తగిలించి చూడవచ్చు. అది 21 వాట్లది, రెండు ఆంపియర్లకు కాస్త తక్కువ లాగుతుంది. నిండుగా వెలగకుండా ఎర్రగా మినుకుమంటే దారిలో అడ్డు ఉన్నట్టే.

ఆ పద్ధతిలో నేను కొలిచిన లెక్క ఇది. హారన్ మోగుతుండగా బ్యాటరీ మీద 12.4 వోల్టులు. హారన్ రెండు కొసల మధ్య 8.7 మాత్రమే. మిగతా 3.7 ఎక్కడ పోయింది? మీటర్ ఒక కొసను బ్యాటరీ ప్లస్‌కు, రెండోదాన్ని హారన్ ప్లస్ వైరుకు పెడితే 0.4. ఫ్యూజు, రిలే, వైరు అన్నీ కలిపి తింటున్నది ఆ కాస్తే, అది ఫరవాలేదు. తర్వాత ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు, రెండోదాన్ని హారన్ నల్లవైరుకు పెట్టాను. 3.3 వోల్టులు! ఇక్కడ 0.2 దాటితేనే అనుమానించాలి. చేలోకి నీళ్లు సరిగానే వస్తున్నాయి, మురుగు కాలువ పూడుకుపోయింది.

నల్లవైరు వెంట వెళ్తే, రేడియేటర్ పక్కన ఇనుప పట్టీకి ఒక బోల్టుతో బిగించి ఉంది. పైకి చూస్తే బిగుతుగానే ఉంది. విప్పితే, వైరు కొస రింగుకు, పట్టీకి మధ్య పొడిపొడిగా రాలే తుప్పు, రింగు మెడ దగ్గర రాగి పచ్చబడి ఉంది. హారన్లు మార్చినప్పుడు మెకానిక్ ఆ బోల్టును ఒకసారి వదులు చేసి బిగించి ఉంటాడు. ఆ రాపిడికి కాస్త ఇనుము బయటపడి పది రోజులు పనిచేసింది. బ్యాటరీ మైనస్ వైరు తీసి, పట్టీ మీద రంగూ తుప్పూ పోయి మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్దాను. పచ్చబడిన వైరు కొసను అంగుళం కోసేసి కొత్త రింగు నొక్కించాను. బిగించాక పైన పెట్టిన పెట్రోలియం జెల్లీ పూత గాలీ చెమ్మా తగలకుండా చూస్తుంది. మళ్లీ కొలిస్తే నల్లవైరు వైపు 0.1, హారన్ మీద 11.8. వీధి చివర టీ కొట్టాయన తొంగి చూశాడు.

కొన్ని హారన్లకు ఒకే వైరుంటుంది. వాటికి బిగించిన పట్టీయే ఎర్త్. అందం కోసం ఆ పట్టీకి రంగు వేయిస్తే హారన్ మూగబోతుంది. ఇలాంటిదే ఇంకో ముచ్చట, చప్పుడు తక్కువైందని పెద్ద హారన్లు పెట్టించడం. అవి ఎక్కువ కరెంటు లాగుతాయి, కాబట్టి పూడిన ఎర్త్ మీద పాతవాటికన్నా నీరసంగా మోగవచ్చు. రకరకాల స్వరాలు పలికేవి, చెవులు చిల్లులు పడేవి అయితే 1989 మోటారు వాహన నిబంధనల్లో 119వది వాటిని ఒప్పుకోదు.

కొలతలన్నీ సరిగ్గా ఉండి, హారన్ మీద 11 వోల్టులకు పైగా వస్తున్నా మూలుగే వస్తుంటే, అప్పుడు హారన్ మార్చండి. వాన నీళ్లలోంచి వచ్చిన వెంటనే గొంతు బొంగురుపోతే మాత్రం ఒక రోజు ఆగి చూడవచ్చు, లోపలి నీరు ఆరితే తేరుకుంటుంది. కొత్తది బిగించేటప్పుడు దాని నోరు నేల వైపు వంగి ఉండేలా పెట్టించండి.

ఒక ఫ్యూజు, ఒక రిలే డ్యాష్‌బోర్డు అరలో ఉంచుకోండి. వానలో స్విచ్ గాని రిలే గాని అతుక్కుపోయి హారన్ ఆగకుండా మోగితే, రిలే లాగేస్తే ఆగిపోతుంది. ఫ్యూజు పెట్టెలో అది ఎక్కడుందో పగలే చూసి, మూత మీద మార్కరుతో ఒక చుక్క పెట్టుకోండి.