హెబియస్ కార్పస్ – 4వ పాఠం: 24 గంటల లెక్క

అక్రమంగా నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరేదే హెబియస్ కార్పస్ పిటిషన్. దాన్ని ఎవరు వేయవచ్చో గత పాఠంలో చూశాం. నిర్బంధంలో ఉన్న మనిషే సంతకం పెట్టనక్కర్లేదు, అతని తరఫున అమ్మో, అన్నో, స్నేహితుడో వేయవచ్చు. ఈ పాఠంలో భారత చట్టం ప్రకారం ఒక్క పరిస్థితినే తీసుకుందాం: పోలీసులు మనిషిని తీసుకెళ్లారు, అరెస్టు చేసినట్టు ఎక్కడా రాయలేదు, అడిగితే 'విచారణకు పిలిచాం' అంటున్నారు. హెబియస్ కార్పస్‌కు బాగా పనికొచ్చే సందర్భం ఇదే. పోలీసులు చాలా తేలిగ్గా తప్పించుకునేదీ ఇక్కడే.

ముందు లెక్క ఎక్కడ మొదలవుతుందో తెలియాలి. రాజ్యాంగం 22(2) అధికరణం ప్రకారం అరెస్టయిన మనిషిని 24 గంటల్లోగా దగ్గర్లోని మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 58వ సెక్షన్‌దీ ఇదే మాట. అరెస్టు చేసిన చోటు నుంచి కోర్టుకు ప్రయాణానికి నిజంగా పట్టే సమయాన్ని మాత్రమే ఇందులోంచి తీసేయాలి. ఆదివారమైనా పండగైనా గడువు పెరగదు. సెలవు రోజు మేజిస్ట్రేటు ఇంటికైనా తీసుకెళ్లాల్సిందే.

అరెస్టు అంటే కాగితం మీద సంతకం కాదు. 43వ సెక్షన్ ప్రకారం ఒంటి మీద చెయ్యి వేసినా, కదలకుండా నిర్బంధించినా, మనిషి మాటతోనో చేతతోనో లొంగిపోయినా అరెస్టే. ఒక ఈడీ కేసులో మనిషి ఉదయం 11 గంటల నుంచి అధికారుల చేతిలో ఉన్నాడు. అరెస్టు రాసింది ఆ అర్ధరాత్రి దాటాక ఒంటిగంటంబావుకు, మేజిస్ట్రేటు దగ్గరకు తీసుకెళ్లింది మర్నాడు మధ్యాహ్నం 3 గంటలకు. రాసిన వేళ నుంచి లెక్కేస్తే 14 గంటలు కూడా నిండలేదు. చేతిలోకి తీసుకున్న వేళ నుంచైతే 28 గంటలు. సుప్రీంకోర్టు 2025 జనవరిలో రెండో లెక్కనే తీసుకుంది, 22(2) ఉల్లంఘన జరిగిందని బెయిలును నిలబెట్టింది.

కాబట్టి మీ పిటిషన్‌కు ప్రాణం ఆ మొదటి నిమిషం. దాన్ని ఎలా పట్టుకోవాలో ఊహించిన ఉదాహరణలో చూద్దాం.

మంగళవారం రాత్రి 9.40. ఇంటికి ముగ్గురు వచ్చారు, ఒకరు యూనిఫాంలో ఉన్నారు. తమ్ముణ్ని జీపు ఎక్కించుకుని వెళ్లారు. బుధవారం పొద్దున 6.20కి అక్క స్టేషన్‌కు వెళ్తే తమ్ముడు రైటర్ గది బల్ల మీద కూర్చుని కనిపించాడు. 'సాయంత్రం పంపిస్తాం' అన్నారు. చాలా కుటుంబాలు ఆ మాట నమ్మి బుధవారం పోగొట్టుకుంటాయి. అక్క ఆ రోజు రెండు పనులు చేయాలి. ఒకటి, తమ్ముణ్ని ఎప్పుడు తీసుకెళ్లారో, ఎక్కడ చూసిందో రాసి ఎస్పీకి ఈమెయిల్ పంపాలి, దానిమీద పడే సమయమే సాక్ష్యం అవుతుంది. రెండు, స్టేషన్లో అరెస్టయినవారి పేర్ల బోర్డు ఫోటో తీసుకోవాలి. ఆ వివరాలు అందరికీ కనిపించేలా ప్రదర్శించాలని 37వ సెక్షన్ చెబుతోంది. బోర్డులో తమ్ముడి పేరు లేకపోవడం కూడా ఒక ఆధారమే.

కోర్టు 40 కిలోమీటర్ల దూరం, ప్రయాణం గంట అనుకుందాం. గడువు బుధవారం రాత్రి 10.40కి తీరిపోతుంది. గురువారం పొద్దున హైకోర్టులో 226వ అధికరణం కింద పిటిషన్ వేసి, అదే రోజు వినమని లంచ్ మోషన్ అడగాలి. ప్రతివాదులుగా హోం శాఖ, ఎస్పీ, ఎస్‌హెచ్‌ఓ ఉంటారు. తీసుకెళ్లిన అధికారి పేరు తెలిస్తే అతన్నీ పేరుతో చేర్చాలి.

అఫిడవిట్లో తరచూ కనిపించే వాక్యం ఇది: 'నా తమ్ముణ్ని పోలీసులు అక్రమంగా నిర్బంధించి చిత్రహింసలు పెడుతున్నారు.' దీనికి 'మా దగ్గర లేడు' అనే ఒక్క ముక్క జవాబుగా సరిపోతుంది, పిటిషన్ మూసేస్తారు. దాని బదులు ఇలా రాయండి: 'బుధవారం ఉదయం 6.20కి స్టేషన్ రైటర్ గదిలో, కిటికీ పక్క బల్ల మీద నా తమ్ముణ్ని చూశాను. నీలం చొక్కా వేసుకున్నాడు. నాతో మాట్లాడిన కానిస్టేబుల్ మళ్లీ కనిపిస్తే గుర్తుపడతాను.' ఇప్పుడు ఊరికే కాదంటే కుదరదు. దీనికి జోడించాల్సింది సీసీటీవీ. ప్రతి పోలీస్ స్టేషన్లో కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది, రికార్డింగును కనీసం ఏడాది భద్రపరచమంది. 'మంగళవారం రాత్రి 9.30 నుంచి గురువారం పొద్దున 10 దాకా ఫుటేజీ భద్రపరచాలి' అని వేళలతో సహా మధ్యంతర ఉత్తర్వు కోరండి. ఉట్టినే 'సీసీటీవీ తెప్పించండి' అంటే ఎవరూ కదలరు.

పొరపాటు జరిగేది ఆ తర్వాతే. పిటిషన్ సంగతి స్టేషన్‌కు తెలిసిన గంటలో అరెస్టు పుడుతుంది: 'గురువారం మధ్యాహ్నం 1.30కి బస్టాండు దగ్గర పట్టుకున్నాం.' సాయంత్రం 4కి మేజిస్ట్రేటు రిమాండ్ ఇస్తారు. శుక్రవారం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది రిమాండ్ ఉత్తర్వు చూపిస్తే పిటిషన్ దాదాపు అక్కడితో ఆగిపోతుంది. అధికారం ఉన్న కోర్టు ఆదేశం మీద మనిషి కస్టడీలో ఉంటే హెబియస్ కార్పస్ మామూలుగా నిలవదు. రిమాండ్ ఇచ్చే అధికారమే లేకపోతేనో, అది పూర్తిగా చట్టవిరుద్ధమైతేనో, బొత్తిగా యాంత్రికంగా ఇచ్చి ఉంటేనో మాత్రం నిలుస్తుందని 2021లో గౌతమ్ నవ్‌లఖా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తలుపు ఇరుకైనది, దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

అందుకే గురువారం ఒక వకీలు హైకోర్టులో ఉంటే, ఇంకొకరు మేజిస్ట్రేటు కోర్టు దగ్గర కాచుకుని ఉండాలి. రిమాండ్‌కు తెచ్చినప్పుడు తమ్ముడే నోరు తెరిచి 'నన్ను మంగళవారం రాత్రి 9.40కి ఇంటి నుంచి తెచ్చారు' అని చెప్పాలి. వకీలు ఎస్పీకి వెళ్లిన ఈమెయిల్ ప్రతిని అందించి, ఆ మాటను రిమాండ్ ఉత్తర్వులో నమోదు చేయమని అడగాలి. అరెస్టుకు కారణాలు తెలియజేశారా లేదా అన్నది కూడా అప్పుడే లేవనెత్తాలి. అవి తెలపకపోతే 22(1) ఉల్లంఘన జరిగినట్టే, తర్వాత వచ్చిన రిమాండ్ ఆ తప్పును కడిగేయదని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ తీర్పు తేల్చింది. ఆ క్షణంలో రికార్డులోకి ఎక్కిన ఒక్క వాక్యం, తర్వాత వేసే పది పిటిషన్ల కంటే బరువైనది.

హైకోర్టులో పిటిషన్ మూసేటప్పుడు కూడా చేతులు కట్టుకుని ఉండకూడదు. మంగళవారం నుంచి గురువారం దాకా జరిగిన నిర్బంధం మీద విచారణ, పరిహారం కోరే హక్కు మిగిలే ఉందని ఉత్తర్వులో రాయించుకోండి. పరిహారం కొత్త సంగతేమీ కాదు. నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు జైల్లో ఉంచిన రుదుల్ షా హెబియస్ కార్పస్ పిటిషన్‌లోనే 1983లో సుప్రీంకోర్టు రూ.30,000 ఇప్పించింది. అంతకుముందు రాష్ట్రం ఇచ్చిన రూ.5,000 దీనికి అదనం.

అభ్యాసం: ఒకతన్ని శనివారం మధ్యాహ్నం 3కి పొలం దగ్గర పట్టుకున్నారు. అరెస్టు మెమోలో ఆదివారం ఉదయం 11 అని ఉంది. మేజిస్ట్రేటు ఇంటికి రెండు గంటల ప్రయాణం. ఆదివారం సాయంత్రం 4.30కి హాజరు పరిచారు, కారణాలేవీ చెప్పలేదు. 24 గంటల వాదన నిలుస్తుందా? నిలవకపోతే మెమోలోని తప్పుడు వేళను దేనికి వాడుకుంటారు? ఒక పేరా రాసి ఉంచుకోండి, జవాబు వచ్చే పాఠం మొదట్లోనే ఉంటుంది. ఆ పాఠం ముందస్తు నిర్బంధ చట్టాల గురించి, అక్కడ ఈ 24 గంటల గడియారం పనిచేయదు.