జనరేటర్ సెల్ఫ్ పట్టలేదు: తప్పు కాయిల్‌ది కాదు

బటన్ నొక్కితే టిక్కుమని ఆగిపోయేది. తాడు లాగితే ఇంజన్ స్టార్ట్ అయ్యేది. బ్యాటరీ 11.8 వోల్టులు, ఇంజన్ నడుస్తున్నా అంతే. చార్జింగ్ ఉంటే 13.5 నుంచి 14.4 మధ్యకు ఎక్కాలి. ఇక్కడే చాలామంది బ్యాటరీ మార్చేస్తారు, కొత్తదీ నెలలో పడుకుంటుంది.

ఫ్యూజు బాగానే ఉంది. ఇంజన్ ఆపి, ఫ్లైవీల్ కింది చార్జింగ్ కాయిల్ నుంచి వచ్చే రెండు వైర్ల కనెక్టర్ ఊడదీశాను. మళ్లీ నడిపి, మీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి ఆ రెండు వైర్ల మధ్య చూస్తే 22. డీసీలో చూస్తే సున్నా దగ్గరే కనిపిస్తుంది, మోసపోవద్దు. కాయిల్‌కు ఢోకా లేదు.

మిగిలింది కాయిల్ ఏసీని బ్యాటరీకి డీసీగా మార్చే రెక్టిఫైయర్. డయోడ్ టెస్టులో ఒకవైపు 0.5 దాకా చూపాలి, రెండువైపులా ఓపెనే. అది మార్చాక నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9.